బావమరిది వెండర్ దగ్గర చేరితే: విరుద్ధ ప్రయోజనాల డిక్లరేషన్‌లో ఏం అడగాలి, అడిగాక ఏం చేయాలి

మధ్యతరహా కంపెనీల్లో విరుద్ధ ప్రయోజనాల పాలసీ చాలాచోట్ల ఒక్క పేజీలో ముగుస్తుంది. ఉద్యోగి చేరిన రోజు పీఎఫ్ నామినేషన్, బ్యాంకు వివరాలు, ఐడీ కార్డు ఫారాలతో పాటు అదీ చేతికొస్తుంది. చివర్లో ఒక్కటే ప్రశ్న ఉంటుంది: "కంపెనీ ప్రయోజనాలకు విరుద్ధమైన వ్యక్తిగత ప్రయోజనాలు మీకేమైనా ఉన్నాయా?" అందరూ "లేవు" అని టిక్ పెట్టి సంతకం చేస్తారు. వాళ్లలో చాలామంది అబద్ధమాడాలని ఆ టిక్ పెట్టరు. భార్య పేరు మీద లేబర్ కాంట్రాక్టు నడిపే మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ కూడా "రేటు సరిగ్గానే వేస్తున్నాం, కంపెనీకి నష్టమేముంది" అనుకునే టిక్ పెడతాడు.

తప్పు ప్రశ్నలోనే ఉంది. తన వ్యవహారం కంపెనీకి విరుద్ధమో కాదో తేల్చే పనిని ఆ ప్రశ్న ఉద్యోగికే అప్పజెప్పింది. మంచి ఫారం ఉద్యోగిని తీర్పు అడగదు, వాస్తవాలు అడుగుతుంది. ఎవరు, ఎక్కడ, ఏ హోదాలో, ఎప్పటినుంచి అనేవి అతను రాస్తాడు. అది ఇబ్బందా కాదా అన్నది కంపెనీ తేలుస్తుంది. ఫారంలో మిగతా మార్పులన్నీ దీని తరవాతే.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లు కంపెనీల చట్టం, 2013 ఒకసారి తిరగేయాలి. 184వ సెక్షన్ కింద డైరెక్టర్లు ఏటా మొదటి బోర్డు సమావేశంలో ఎంబీపీ-1 ఫారంతో తమ ఆసక్తులు వెల్లడించాలి. 188వ సెక్షన్ సంబంధిత పక్షాలతో లావాదేవీలకు హద్దులు పెడుతుంది. ఈ సెక్షన్లు డైరెక్టర్లు, కీలక యాజమాన్య అధికారులు, వాళ్ల బంధువుల చుట్టూనే తిరుగుతాయి. సంబంధిత పక్షాల నిర్వచనంలో "మేనేజర్" అన్న మాట కనిపిస్తుంది కానీ, అది కంపెనీ వ్యవహారాలన్నీ చూసే మేనేజర్ గురించి. విజిటింగ్ కార్డు మీద పర్చేజ్ మేనేజర్ అని ఉన్నంత మాత్రాన ఎవరూ ఆ నిర్వచనంలోకి రారు. అంటే కొటేషన్లు తెరిచేవాళ్లు, సరుకు దింపుకునేవాళ్లు, బిల్లు పాస్ చేసేవాళ్లు ఈ సెక్షన్లకు బయటే ఉన్నారు. వాళ్లను కట్టడి చేసేవి కంపెనీ రాసుకున్న పాలసీ, అపాయింట్‌మెంట్ లెటర్‌లోని షరతులు. ప్రభుత్వోద్యోగుల సంగతి వేరు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964లోని 4వ నియమం ప్రకారం, కుటుంబ సభ్యులు పనిచేసే సంస్థకు సంబంధించిన కాంట్రాక్టు ఫైలును ఉద్యోగి తాను తేల్చకుండా పై అధికారికి పంపాలి. 15వ నియమం ముందస్తు అనుమతి లేని వ్యాపారాన్ని నిషేధిస్తుంది. ప్రైవేటు కంపెనీ ఈ రెండింటికీ తగ్గ నియమాలు తనకు తానే రాసుకోవాలి.

రాసేటప్పుడు అందరూ బోల్తాపడే చోటు "బంధువు" నిర్వచనం. లాయరు ఇచ్చిన డ్రాఫ్టులో "కంపెనీల చట్టం ప్రకారం బంధువు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ జాబితాలో ఉన్నది భార్య లేదా భర్త, హిందూ అవిభక్త కుటుంబ సభ్యులు, తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, సోదరుడు, సోదరి. సవతి తల్లి, సవతి తండ్రి, సవతి కొడుకు, సవతి తోబుట్టువులు కూడా వస్తారు. అంతే. మామగారు లేరు, బావమరిది లేడు, తోడల్లుడు లేడు, వియ్యంకుడు లేడు, మేనమామ లేడు. మన దగ్గర వ్యాపారానికి భాగస్వామిగానో బినామీగానో ముందుగా గుర్తొచ్చేది వీళ్లే. ఈ జాబితాను నమ్ముకున్న పాలసీ ప్రకారం బావమరిది కంపెనీ నుంచి నేరుగా సరుకు కొన్న ఉద్యోగి ఏ నియమమూ తప్పనట్టే. ఎంక్వైరీలో అతని తరఫువాళ్లు ఎత్తిచూపే మొదటి అంశం ఇదే అవుతుంది.

అలాగని బంధుత్వాల చిట్టా మొత్తం రాసి "వీళ్లందరి ఉద్యోగాలూ చెప్పండి" అంటే ఎవరూ నింపలేరు. పెద్దనాన్న మనవడు ఏ కంపెనీలో చేస్తున్నాడో ఎవరికి తెలుసు? రెండు వలయాలుగా విడగొడితే పని జరుగుతుంది. మొదటి వలయంలో చట్టం చెప్పినవాళ్లు, వాళ్లకు తోడు భార్య లేదా భర్త తరఫు తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఆ తోబుట్టువుల భార్యాభర్తలు. వీళ్లలో ఎవరైనా మన వెండర్, కస్టమర్ లేదా పోటీ సంస్థలో ఏ హోదాలో ఉన్నా రాయాలి. రెండో వలయం మిగతా బంధువులు, వియ్యంకులు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, డబ్బు లావాదేవీలున్న స్నేహితులు. వీళ్ల సంగతి రెండు సందర్భాల్లో మాత్రమే రాయాలి: ఆ వెండర్ సంస్థలో వాటా ఉన్నా, మన కంపెనీ ఖాతా చూసే పనిలో ఉన్నా. రెండు వలయాలకూ "నాకు తెలిసినంతవరకు" అన్న మాట తప్పనిసరి. తెలియనిదాన్ని దాచారని ఎవరి మీదా చర్య తీసుకోకూడదు.

సొంత వ్యాపారం భాగంలోనూ ఇదే విచక్షణ కావాలి. ఊళ్లో కౌలుకిచ్చిన పొలం, ఇంటద్దె, షేర్ మార్కెట్లో లిస్టెడ్ కంపెనీల్లో పెట్టిన చిన్న మదుపు అడగనక్కర్లేదు. అడిగితే జనం విసుక్కుని అసలైనవీ రాయరు. అడగాల్సినవి నాలుగు: ఆ వ్యాపారం మన కంపెనీకి ఏమైనా అమ్ముతుందా, మన వెండర్ల నుంచి కొంటుందా లేక వాళ్లకు అమ్ముతుందా, మన పోటీదార్లకు పనిచేస్తుందా, డ్యూటీ వేళల్లో సమయం అడుగుతుందా. రెండో ప్రశ్న చాలా ఫారాల్లో కనిపించదు, నష్టం మాత్రం ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది. స్టోర్స్ ఇన్‌చార్జి సాయంత్రాలు ప్లాట్లు అమ్మే ఏజెంటు అనుకుందాం. కంపెనీకి అతను ఏమీ అమ్మడు. కానీ ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టరు అతని దగ్గర రెండు ప్లాట్లు కొన్నాడు. ఇక లోడు తక్కువ వచ్చినప్పుడు షార్టేజీ నోటు రాయడానికి చెయ్యి ఆడుతుందా? చిట్టీల సంగతీ అంతే. సూపర్‌వైజర్ నడిపే చిట్టీలో లేబర్ కాంట్రాక్టరు సభ్యుడైతే, ప్రతి నెలా వాళ్లిద్దరి మధ్య డబ్బు చేతులు మారుతుంది. కాంట్రాక్టరు బిల్లులో హాజరు లెక్క సరిచూడాల్సింది ఆ సూపర్‌వైజరే. అందుకే ఫారంలో "వెండర్‌తో అప్పు, చిట్టీ, అద్దె, స్థలం అమ్మకం, బీమా పాలసీ లాంటి లావాదేవీ ఏదైనా ఉందా" అని పేరుపెట్టి అడగాలి. "ఆర్థిక సంబంధాలు" అని రాస్తే చిట్టీ ఎవరికీ గుర్తురాదు.

ఫారం అంతా రెండు పేజీలు దాటనక్కర్లేదు. మొదటి భాగంలో ఉద్యోగి నంబరు, విభాగంతో పాటు అతని చేతిలో ఉన్న అధికారాలు రాయించాలి. ఇండెంట్ పెడతాడా, కొటేషన్లు పోలుస్తాడా, నాణ్యత తేలుస్తాడా, బిల్లు పాస్ చేస్తాడా అన్నది తెలియకపోతే తరవాత నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆధారం ఉండదు. రెండో భాగం సొంత వ్యాపారం: పేరు, జీఎస్‌టీ నంబరు ఉంటే అది, తన హోదా, మొదలుపెట్టిన తేదీ, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు. మూడో భాగం బంధువులు: బంధుత్వం, వెండర్ పేరు, ఆ వ్యక్తి హోదా, చేరిన తేదీ, వాటా ఉందా, మన ఖాతా చూస్తాడా, మన ఆర్డర్ల మీద కమిషన్ వస్తుందా. పెద్ద వెండర్ దగ్గర పేరోల్ చూసే మరదలికీ, మన ఆర్డర్ మీద కమిషన్ తీసుకునే బావమరిదికీ తేడా ఈ చివరి రెండు గడుల్లోనే తెలుస్తుంది. నాలుగో భాగంలో సంతకం, దాంతో పాటు పరిస్థితి మారితే 15 రోజుల్లోగా కొత్త ఫారం ఇస్తానన్న హామీ.

ఐదో భాగం కంపెనీ నింపాల్సింది. ఈ భాగం లేని ఫారాలే ఎక్కువ. ఇది లేకపోతే డిక్లరేషన్ హెచ్‌ఆర్ ఫైల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. పర్చేజ్‌కూ అకౌంట్స్‌కూ ఆ కబురే చేరదు. రేపు గొడవైతే "నేను రాసిచ్చాను, కంపెనీ ఊరుకుంది" అని ఉద్యోగి అంటాడు, ఆ మాటలో న్యాయం కూడా ఉంటుంది. ఐదో భాగంలో తీసుకున్న నిర్ణయం (చర్య అక్కర్లేదు, షరతులతో సరే, అనుమతి లేదు), ఏ పనులనుంచి తప్పించారు, వాటిని ఎవరికి అప్పగించారు, ఏ తేదీ నుంచి, మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్నవి ఉండాలి. ఫారం అందిన పది పనిదినాల్లో ఇది పూర్తిచేసి ఒక కాపీ ఉద్యోగికి ఇవ్వాలి.

ఒక ఉదాహరణతో దీన్ని చివరిదాకా నడిపి చూద్దాం. పాశమైలారం వైపు ఒక మందుల ఫార్ములేషన్ యూనిట్ ఉందనుకోండి. పర్చేజ్ ఎగ్జిక్యూటివ్ కార్టన్లు, లీఫ్‌లెట్లు చూస్తాడు. కార్టన్లకు ముగ్గురు వెండర్లు, ఏడాదికి మొత్తం 80 లక్షల కొనుగోలు, అందులో 45 లక్షలు ఒక్క వెండర్‌కే వెళ్తుంది. అతని బావమరిది జూన్‌లో ఆ వెండర్ దగ్గర సేల్స్ మేనేజరుగా చేరాడు. జీతంతో పాటు ఆర్డర్ల మీద కమిషన్ ఉంది. ఎగ్జిక్యూటివ్ పది రోజుల్లోనే ఫారం నింపి ఇచ్చాడు.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, మేనేజరు పిలిచి "ఆ వెండర్ పర్చేజ్ ఆర్డర్లు, అంటే పీఓల మీద ఇకనుంచి నువ్వు సంతకం పెట్టకు, జూనియర్ చేత పెట్టించు" అంటాడు. ఫైలు మూసేస్తారు. దీంట్లో మూడు కన్నాలున్నాయి. మొదటిది, ఆ జూనియర్ అప్రైజల్ రాసేది ఈ ఎగ్జిక్యూటివే. బాస్ బావమరిది రేటు ఎక్కువుందని చెప్పే ధైర్యం అతనికి ఎక్కడినుంచి వస్తుంది? బాధ్యత కిందివాళ్లకు కాదు, పైవాళ్లకో వేరే వరుసలో ఉన్నవాళ్లకో వెళ్లాలి. రెండోది, సంతకం లేకపోయినా మిగతా ఇద్దరు వెండర్ల కొటేషన్లు అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. కొనుగోళ్లు, బిల్లులు నడిచే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో చూసే హక్కు ఉంది, పర్చేజ్ విభాగం ఉమ్మడి మెయిల్ అతని ఫోన్లో తెరిచే ఉంది. పోటీదారు కార్టన్‌కు ఆరు రూపాయల ఇరవై పైసలు వేశాడని తెలిస్తే చాలు, ఇటువైపు నుంచి ఆరు రూపాయల పదిహేను పైసలకు కొటేషన్ వస్తుంది. కాగితం మీద అదే తక్కువ రేటు, ఆడిట్‌లో ఎవరూ పట్టుకోలేరు. మూడోది, ఒక్క వెండర్ పీఓల నుంచి తప్పిస్తే చాలదు. మిగతా ఇద్దరి శాంపిళ్లు తిరగ్గొట్టడం, వాళ్ల డెలివరీకి తక్కువ మార్కులు వేయడం, వాళ్ల బిల్లు ఆలస్యం చేయడం ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి. అందుకే వెండర్ పేరుతో కాకుండా సరుకు పేరుతో తప్పించాలి. కార్టన్ల పని మొత్తం అతని చేతిలోంచి తీసేయాలి.

కాబట్టి ఐదో భాగంలో ఇలా రాయాలి: జులై 1 నుంచి ప్రింటెడ్ ప్యాకింగ్ మెటీరియల్ కొనుగోళ్లన్నీ ముడిసరుకు చూసే ఎగ్జిక్యూటివ్‌కు బదిలీ, బదులుగా అతని నుంచి ల్యాబ్ కెమికల్స్ ఇతనికి. ఈఆర్‌పీలో ప్యాకింగ్ గ్రూపుకు సృష్టించే, మార్చే, చూసే హక్కులు మూడూ తొలగింపు. కార్టన్ కొటేషన్లకు వేరే మెయిల్ ఐడీ, దాన్ని తెరిచేది అకౌంట్స్ వ్యక్తి సమక్షంలో. వెండర్ రేటింగ్, డెబిట్ నోటు, ధర సవరణ, పేమెంట్ తొందరపెట్టడం వేటిలోనూ ఇతని మాట ఉండదు. వెండర్‌కు కూడా ఒక ఉత్తరం వెళ్లాలి: మీ సేల్స్ మేనేజరు మా ఖాతా చూడకూడదు, మా వైపు సంప్రదించాల్సిన వ్యక్తి ఫలానా. చాలా వెండర్ సంస్థలు ఈ మాట అడగ్గానే ఒప్పుకుంటాయి. ఒప్పుకోకుండా మొండికేస్తే అది కూడా ఆ వెండర్ గురించి ఒక సమాచారమే.

గతం కూడా ఒకసారి చూడాలి. బావమరిది జూన్‌లోనే చేరినా, ఆ ఉద్యోగం ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న. చేరడానికి ముందు పన్నెండు నెలల పీఓల్లో ఆ వెండర్ వాటా పెరిగిందా, ఒక్క కొటేషన్‌తో ఇచ్చిన ఆర్డర్లు ఎన్ని, ఆమోద పరిమితికి కాస్త కింద ముక్కలు చేసిన పీఓలు ఉన్నాయా అన్నది అకౌంట్స్ వాళ్లు అరపూట కూర్చుంటే తేలుతుంది. పరిమితి లక్ష అయితే ఒకే వారంలో 96 వేలు, 98 వేలు, 94 వేలు అని మూడు పీఓలు కనిపించడం దానికి గుర్తు. ఏమీ లేకపోతే "చూశాం, ఏమీ లేదు" అని ఫైల్లో రాయాలి. స్వయంగా వచ్చి చెప్పిన ఉద్యోగికి అది రక్షణ.

అసలు పరీక్ష మూడు నెలల తరవాత ఉంటుంది. ఈఆర్‌పీలో ఆ వెండర్ కోడ్‌తో మార్పుల లాగ్ తీసి, ఎవరి లాగిన్ ఉందో చూడాలి. కొత్తగా బాధ్యత తీసుకున్నవాడు సెలవు పెట్టినప్పుడు వర్క్‌ఫ్లో ప్రత్యామ్నాయంగా పాత ఎగ్జిక్యూటివ్ పేరే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు. దసరా సెలవుల్లో రెండు పీఓలు అతని లాగిన్ నుంచి వెళ్లిపోతాయి. ఎవరికీ దురుద్దేశం ఉండదు, కానీ అప్పటిదాకా చేసిన ఏర్పాటంతా కాగితానికే పరిమితమవుతుంది.

పర్చేజ్‌లో ఇద్దరే ఉన్న చిన్న యూనిట్లో ఇంత విడదీయడం కుదరదు. అక్కడ ప్లాంట్ హెడ్ కొటేషన్లు తెరవాలి. ఏడాదికి రెండుసార్లు బయటి వెండర్ దగ్గర రేటు తీసుకుని పోల్చాలి. మూడు నెలలకోసారి ఆ ఖాతా మొత్తాన్ని అకౌంట్స్ చూడాలి. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుంది కానీ పోగొట్టదు. ఆ మాట కూడా ఐదో భాగంలో రాసి యజమాని సంతకం తీసుకోవడం మంచిది.

డిక్లరేషన్ ఇవ్వనివాళ్లను పట్టుకోవడానికి ఖర్చులేని దారి ఒకటుంది. జీఎస్‌టీఐఎన్, అంటే జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తరవాతి పది అక్షరాలు పాన్. సొంత పేరు మీద నడిచే ప్రొప్రయిటరీ సంస్థకు యజమాని పాన్ నంబరే వాడతారు. వెండర్ మాస్టర్‌లో జీఎస్‌టీఐఎన్ B కాలమ్‌లో, పేరోల్ షీట్‌లో ఉద్యోగుల పాన్ C కాలమ్‌లో ఉంటే ఈ ఫార్ములా చాలు:

```
=COUNTIF(Payroll!C:C,MID(B2,3,10))
```

ఒకటి వస్తే ఆ వెండర్ మన ఉద్యోగే. బ్యాంకు ఖాతా నంబర్లనూ ఇలాగే పోల్చవచ్చు, సంస్థ పేరు వేరైనా డబ్బు చేరే ఖాతా ఒకటే కావచ్చు. పాన్‌లో నాలుగో అక్షరం P అయితే వ్యక్తి, H అయితే అవిభక్త కుటుంబం, F అయితే భాగస్వామ్య సంస్థ, C అయితే కంపెనీ. మొదటి రెండు రకాల వెండర్ల మీద ముందు దృష్టి పెట్టాలి. జీఎస్‌టీ పోర్టల్‌లో నంబరు వేస్తే వ్యాపారం పేరుతో పాటు చట్టబద్ధమైన పేరు కూడా కనిపిస్తుంది. "శ్రీ వెంకటేశ్వర ఎంటర్‌ప్రైజెస్" వెనక ఉన్న మనిషి పేరు అక్కడ తెలుస్తుంది. అయితే భార్య పేరు మీదో బావమరిది పేరు మీదో ఉన్న సంస్థ ఈ ఫార్ములాకు చిక్కదు. దానికి వెండర్ వైపు నుంచి కూడా అడగాలి. వెండర్ రిజిస్ట్రేషన్ ఫారంలో "మా ఉద్యోగుల్లో మీ బంధువులు ఎవరైనా ఉన్నారా" అన్న ప్రశ్న పెట్టి ఏటా తీసుకుంటే, రెండు వైపుల జవాబులు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒకవైపు ఉంది, మరోవైపు లేదు అన్న చోట ఆరా మొదలవుతుంది. ఉద్యోగుల ఆరోగ్య బీమా జాబితాలోని కుటుంబ సభ్యుల పేర్లతో గుట్టుగా పోల్చే ఆలోచన కొందరికి వస్తుంది. అది చేయకూడదు. ఆ వివరాలు బీమా కోసం ఇచ్చినవి.

పాలసీలో శిక్ష దేనికన్నది కూడా తేటగా ఉండాలి. బంధువు వెండర్ దగ్గర ఉండటం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు, చెప్పాక తప్పుకోకపోవడం తప్పు. పై స్థాయిలో ఈ తేడాను చూపించిన ఉదంతం ఐసీఐసీఐ బ్యాంకుది. భర్త వ్యాపారంతో సంబంధాలున్నాయన్న ఆరోపణలు వచ్చిన వీడియోకాన్ గ్రూపు రుణాల వ్యవహారంలో అప్పటి ఎండీ చందా కొచ్చర్ మీద జస్టిస్ శ్రీకృష్ణ విచారణ నివేదిక 2019 జనవరిలో వచ్చింది. దాని ఆధారంగా బ్యాంకు ఎత్తిచూపినవి వార్షిక వెల్లడింపుల్లో లోపాలు, తప్పుకోవాల్సిన చోట తప్పుకోకపోవడం, విరుద్ధ ప్రయోజనాల నియమాల ఉల్లంఘన. అప్పటికే ముందస్తు పదవీ విరమణ తీసుకుని వెళ్లినా, ఆమె నిష్క్రమణను తప్పిదం కారణంగా తొలగింపుగానే పరిగణిస్తామని బ్యాంకు ప్రకటించింది. బ్యాంకు ఈ నిర్ణయం తన సొంత నియమావళి ఆధారంగా తీసుకున్నది. క్రిమినల్ కేసుల దారి వేరు.

నింపిన ఫారాల భద్రత గురించి రెండు మాటలు. బంధువు పేరు, వెండర్ పేరు, హోదా చాలు. వాళ్ల ఆధార్, పాన్, జీతం అడగకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం స్ఫూర్తి కూడా అదే, పనికి కావాల్సినంతే తీసుకోవాలి. ఫారం పూర్తిగా చూసేది హెచ్‌ఆర్‌లో ఒకరు, కంప్లయన్స్ లేదా ఫైనాన్స్‌లో ఒకరు ఉంటే చాలు. పర్చేజ్ మేనేజరుకు ఐదో భాగంలోని షరతులు మాత్రం వెళ్తాయి.

బావమరిది ఆ కార్టన్ల సంస్థ వదిలి వెళ్లిపోయాడనుకోండి. ఉద్యోగి మళ్లీ 15 రోజుల్లో ఫారం ఇస్తాడు, కానీ కార్టన్ల పని ఆ మర్నాడే తిరిగి అతనికి రాకూడదు. రావాల్సిన కమిషన్ బకాయిలు ఇంకా ఉండొచ్చు, నడుస్తున్న రేటు కాంట్రాక్టు బావమరిది కుదిర్చినదే కావచ్చు. ఆ కాంట్రాక్టు గడువు ముగిసి కొత్త కొటేషన్లు వేరేవాళ్ల చేతుల మీదుగా తేలేదాకా, లేదా ఆరు నెలలు, ఏది ఆలస్యమైతే అంతవరకు షరతులు కొనసాగుతాయని ఐదో భాగంలో మొదటిసారే రాసి ఉంచాలి. తరవాత హక్కులు తిరిగి ఇచ్చిన తేదీ, ఇచ్చినవారి సంతకం అదే ఫారం మీద వేసి మూసేస్తే సరిపోతుంది.